‘అమ్మిన చీర వాపసు తీసుకోం’ అని కరపత్రంలో వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది తెనాలిలో చీరల దుకాణం. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలవుతాయని ఆఫర్ కరపత్రం వేయిస్తున్నాను. పైన పెద్ద అక్షరాలతో ‘ఫాల్, జిగ్‌జాగ్ ఉచితం’ అని, కింద చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో ‘షరతులు వర్తిస్తాయి, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని పెట్టాం. పోయిన సీజన్‌లో ఒకావిడ ఫాల్ కుట్టించుకున్న చీర వెనక్కి తెచ్చి, కన్జ్యూమర్ కోర్టుకు వెళ్తానని పెద్ద గొడవ చేసింది. ఈ కరపత్రంతో మాకు చిక్కులు వస్తాయా? ఎలా రాయమంటారు?

జవాబు: మీ కింది లైను మిమ్మల్ని కాపాడదు సరికదా, అదే మీ మీద సాక్ష్యమవుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘అనుచిత వ్యాపార పద్ధతి’ అంటే ఏమిటో సెక్షన్ 2(47) చెబుతుంది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననడం, డబ్బు తిరిగి ఇవ్వననడం అందులో ఒకటి. ఎన్ని రోజుల్లోపు తీసుకోవాలంటే, బిల్లు మీద రాసిన గడువులోపు. బిల్లు మీద ఏ గడువూ లేకపోతే 30 రోజులు.

గమనించారా, చట్టం అడిగేది బిల్లు మీద ఏముందని. దుకాణదారులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. కరపత్రం మీద ‘7 రోజులు’ అని వేసి, బిల్లు పుస్తకం మాత్రం పాతదే వాడతారు. గొడవ వచ్చాక ఆ 7 రోజులు నిలబెట్టుకోవడం కష్టం.

అలాగని నచ్చని చీరనల్లా వెనక్కి తీసుకోవాలా? అక్కర్లేదు. ఇంటికి వెళ్లాక అత్తగారికి రంగు నచ్చలేదనో, వదినకు అలాంటిదే ఉందనో తెస్తే తీసుకుని తీరాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. అది మీ దుకాణం మర్యాదకు సంబంధించిన విషయం. అయితే ‘మారుస్తాం’ అని మీరే రాస్తే ఆ మాట మీద నిలబడాలి. కాబట్టి ‘నచ్చకపోతే’, ‘లోపముంటే’ అనే ఈ రెండింటినీ కరపత్రంలో విడదీసి రాయాలి. మీ లైను రెండింటినీ ఒకే గాటన కట్టింది, అదీ చిక్కు.

ఇప్పుడు ఫాల్ కుట్టిన చీర సంగతి. ఆవిడ ఎందుకు తెచ్చిందో మీరు రాయలేదు గనక ఒక లెక్క వేసి చెబుతాను. చీర 14,000 రూపాయల పట్టుది అనుకుందాం. మీరే ఫాల్ వేసి ఇచ్చారు, ఆవిడ జాకెట్టు ముక్క కత్తిరించి బయట మగ్గం వర్క్ చేయించుకుంది. కట్టుకుందామని కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే, సరిగ్గా కుచ్చిళ్లు వచ్చే చోట పోగు తెగి వేలెడు సందు కనిపించింది. నచ్చకపోవడమే కారణమైతే, ‘కుట్టాక, కత్తిరించాక మార్చం’ అనే మీ మాట చెల్లుతుంది. కానీ ఇది నేతలో లోపం. ఫాల్ కుట్టినంత మాత్రాన ఆ లోపం పోదు. పైగా ఫాల్ వేసింది మీ మనిషే, చీర మొత్తం మీ బల్ల మీద పరిచినప్పుడు చూడలేదా అని వినియోగదారుల కమిషన్, అంటే మీరు చెప్పిన కన్జ్యూమర్ కోర్టే, అడుగుతుంది. చీర డబ్బుతో పాటు, మగ్గం వర్క్‌కు ఆవిడ పెట్టిన ఖర్చును కూడా నష్టపరిహారంగా ఇప్పించవచ్చు. ఆ చిరుగు తర్వాత పిన్నీసు గుచ్చుకుని పడిందని మీరంటే, పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. చిరిగిన పోగుకూ, నేతలోనే తప్పిన పోగుకూ తేడా అనుభవమున్న నేతగాడు చూడగానే చెప్పేస్తాడు.

దీనికి మందు కోర్టులో లేదు, మీ గద్దె మీద ఉంది. చీర ప్యాక్ చేసే ముందు కొంగు నుంచి చివరి దాకా విప్పి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూపించండి. నలుగురు పట్టుకుంటే రెండు నిమిషాల పని. చిన్న మచ్చో, పోగు ముడో ఉండి, దానికి ధర తగ్గించి ఇస్తుంటే బిల్లు మీద రాయండి: ‘కొంగు అంచున మచ్చ, చూపించి అమ్మినది, 600 తగ్గింపు’. అలా చెప్పి అమ్మిన లోపాన్ని తర్వాత దాచారని ఎవరూ అనలేరు. చేనేతలో పోగు ముళ్లు, రంగులో కొద్ది తేడా సహజమని రాసుకోవచ్చు. ఆ మాటను చిల్లులకు కూడా వాడతామంటే కుదరదు.

‘ఉచితం’ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఫాల్ గుడ్డ డబ్బు విడిగా తీసుకుని కుట్టుకూలి మాత్రమే వదిలేస్తుంటే అది ‘ఫాల్ ఉచితం’ కాదు, ‘ఫాల్ కుట్టుకూలి ఉచితం’. ఆ ఖర్చును చీర ధరలో కలిపేసి ఉచితమని చెప్పడాన్ని కూడా అదే సెక్షన్ 2(47) తప్పు పడుతుంది. ఇక 2022లో కేంద్రం తెచ్చిన తప్పుదారి పట్టించే ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం, ప్రకటన ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, అదే అక్షరాలతో ఉండాలి. పైన తెలుగులో ఊరించి, కింద చీమ తలకాయంత ఇంగ్లీషులో షరతు పెట్టడం ఇక మానేయండి. ఉత్త ‘షరతులు వర్తిస్తాయి’ అంటే ఏమీ చెప్పనట్టే.

జాకెట్టు కుట్టడం, కొంగుకు కుచ్చులు కట్టడం సేవల కిందికి వస్తాయి. పెళ్లి సీజన్‌లో గొడవలు ఎక్కువగా తేదీ మీదే వస్తాయి. ముహూర్తం దాటాక అందిన జాకెట్టు ఎంత బాగా కుట్టినా సేవాలోపమే. టైలరు ఊరెళ్లాడన్నది కొనేవాళ్లకు సంబంధం లేని విషయం. కొలతలు ఎవరు తీశారో, ఏ రోజు ఇస్తారో రసీదు మీద పడాలి.

నేనైతే మీ కరపత్రం ఇలా రాస్తాను, అంకెలు మీ వీలును బట్టి మార్చుకోండి:

“3,000 రూపాయలు, ఆపైన ధర ఉన్న ప్రతి చీరకు ఫాల్ గుడ్డ, కుట్టుకూలి, జిగ్‌జాగ్ ఉచితం. కొంగు కుచ్చులు, జాకెట్టు కుట్టుకూలి, మగ్గం వర్క్ ఉచితం కాదు, ధరల పట్టీ కౌంటర్ దగ్గర ఉంది. జాకెట్టు ఇచ్చే తేదీ రసీదు మీద రాసిస్తాం. మేం తీసిన కొలతలతో కుట్టిన జాకెట్టు బిగుతుగానో వదులుగానో ఉంటే 15 రోజుల్లోపు ఉచితంగా సరిచేస్తాం. చీర నచ్చకపోతే బిల్లుతో, మడత చెడకుండా 7 రోజుల్లోపు తెస్తే అదే విలువకు వేరే చీర ఇస్తాం, డబ్బు ఇవ్వం. ఫాల్ కుట్టినవి, ముక్క కత్తిరించినవి, కట్టినవి నచ్చలేదని మార్చం. నేతలో, జరీలో, రంగులో లోపం ఉంటే, ఫాల్ కుట్టినా సరే, 30 రోజుల్లోపు తెస్తే చీర మారుస్తాం, లేదా డబ్బు తిరిగి ఇస్తాం. ఏది కావాలో మీ ఇష్టం.”

ఈ చివరి నాలుగు వాక్యాలనూ అక్షరం పొల్లు పోకుండా బిల్లు వెనక కాదు, ముందు వైపే అచ్చు వేయించండి.

పోయిన సీజన్ ఆవిడ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కేసు వేయడానికి కారణం పుట్టిన రోజు నుంచి ఆవిడకు 2 సంవత్సరాల గడువుంది. 5 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. తనుండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, అంటే వాయిదాలకు తిరిగేది మీరే. ఈ వారంలో ఫోన్ చేసి చీర తెమ్మనండి, వెలుతురులో పరిచి చూడండి. లోపం నేతలోదైతే డబ్బు ఇచ్చి, ముట్టినట్టు రాయించుకోండి.