మాటల కింద తెలుగులో రాసిస్తే వచ్చే చిక్కు

"డల్లాస్‌లో ఉన్న మనవరాళ్లకు రాత్రి కథ చదవాలని అమ్మ ఇంగ్లిష్ నేర్చుకుంటోంది. మాటల కింద తెలుగులో రాసిచ్చాను. గడగడా చదువుతోంది, కానీ కొత్త పేజీ ఇస్తే ఒక్క ముక్క రావట్లేదు. ఏం చేయాలి?"

ఆవిడ చదువుతున్నది మీరు రాసిన తెలుగు లైనునండీ. మా అత్తయ్య విషయంలో నేనూ అదే తప్పు చేశాను. తర్వాత అదంతా రబ్బరుతో చెరిపేసి, పలకని అక్షరాలను మాత్రం పెన్సిల్‌తో సన్నగా కొట్టేశాను: నైఫ్‌లో మొదటి కె, నైట్‌లో జి, హెచ్. తెలుగులో రాసిన అక్షరమల్లా పలుకుతుంది కదా, ఆవిడ 'క్నైఫ్' అనడంలో వింతేముంది!

ఒకే వాక్యం పేజీపేజీకీ మళ్లీ వచ్చే కథ తీసుకోండి. అదే పుస్తకం అక్కడ పిల్లల దగ్గరా ఉండాలి. మేం రోజుకు రెండు పేజీలే చదివేవాళ్లం. వచ్చిందో లేదో తెలియాలంటే అదే మాటను విడిగా చీటీ మీద రాసి చూపించండి.

'బుక్కు', 'డాగ్గు' అన్నా సరిదిద్దకండి, పిల్లలకు అర్థమవుతుంది. వేసవిలో మనకు ఉదయం 7 అయితే డల్లాస్‌లో ముందురోజు రాత్రి 8:30. చలికాలంలో అక్కడ 7:30 అవుతుంది, కాబట్టి నవంబరులో ఫోన్ టైము గంట జరపండి.