టెక్ సందేహాలు: ‘ఎవరైనా ఉన్నారా?’ అంటే గ్రూపంతా పలకక్కర్లేదు

ప్రశ్న: మా రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులో 380 మందిమి ఉన్నాం. వేళాపాళా లేకుండా ఎవరో ఒకరు ‘ఎవరైనా ఉన్నారా?’ అని పెడతారు. ఇక ‘ఉన్నాం’, ‘చెప్పండి అన్నా’ అని వరస మొదలవుతుంది. గ్రూపు నింపేయకుండా అడ్మిన్‌గా నేనెలా జవాబివ్వాలి?
– ఓ అడ్మిన్, భీమవరం దగ్గర

జవాబు: గ్రూపులో జవాబు ఇవ్వకండి. ఆ మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి, పైనున్న మూడు చుక్కల్లో `Reply privately` ఎంచుకోండి. ఐఫోన్‌లో అయితే నొక్కిపట్టాక `More` లోపల ఉంటుంది. మీ ఇద్దరి చాట్ తెరుచుకుంటుంది, పైన ఆయన మెసేజ్ కూడా కనిపిస్తుంది. మిగతా వాళ్ల ఫోన్లు మోగవు.

అక్కడైనా ‘చెప్పండి’ అని ఊరుకోకండి. మీరు ‘చెప్పండి’ అంటే ఆయన ‘నమస్తే సార్’ అంటారు, మీరు మళ్లీ నమస్తే పెడతారు, అసలు సంగతి ఇంకా బయటికి రాదు. ఇలా రాయండి: ‘చూశాను. ఏ ఊరు, ఏం కావాలి, ఎంతసేపట్లో కావాలి? మూడూ ఒకే మెసేజ్‌లో రాయండి, గ్రూపులో నేను పెడతాను.’ ఈ ముక్కను మీకు మీరే పంపుకునే చాట్‌లో దాచుకుంటే నిద్రమత్తులో టైప్ చేసే పని ఉండదు, కాపీ చేసి అతికిస్తే చాలు.

రెండో పని: గ్రూపులో ఉన్న ఆ మెసేజ్‌కి బొటనవేలి గుర్తు రియాక్షన్‌గా పెట్టండి. రియాక్షన్ పెడితే మెసేజ్ రాసిన మనిషికే నోటిఫికేషన్ వెళ్తుంది, మిగతావాళ్లకు వెళ్లదు. తర్వాత గ్రూపు తెరిచినవాళ్లకు మాత్రం ఆ గుర్తు కనబడుతుంది. ‘అడ్మిన్ బొటనవేలు పెట్టాడంటే చూసుకుంటున్నాడు, మనం పలకక్కర్లేదు’ అన్న కట్టుబాటును సభ్యులకు ఒక్కసారి చెప్పి పెట్టండి. వారం పది రోజుల్లో అలవాటవుతుంది.

అపార్ట్‌మెంటు గ్రూపుల నుంచి, పూర్వ విద్యార్థుల గ్రూపుల నుంచి ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంటుంది. కానీ రొయ్యల గ్రూపు సంగతి వేరు. 380 మందిలో ఒకరు ‘ఉన్నాను’ అంటే అది 379 ఫోన్లకు వెళ్తుంది. పాతికమంది అంటే 9,475 నోటిఫికేషన్లు. ఆ మోత భరించలేక జనం గ్రూపును మ్యూట్‌లో పెట్టేస్తారు. మ్యూట్‌లో పెట్టిన గ్రూపు తెల్లవారుజామున ఎవరికీ పనికిరాదు, చెరువుకు ప్రమాదం వచ్చేదేమో సరిగ్గా ఆ వేళకే. రాత్రంతా నీటిలోని పాచీ, రొయ్యా రెండూ ఆక్సిజన్ పీల్చుకుంటాయి. ఎండ ఉండదు కాబట్టి కొత్తగా తయారయ్యేది ఉండదు. పొద్దు పొడిచే ముందు నీటిలో కరిగిన ఆక్సిజన్, అదే డీఓ, అట్టడుగుకు పడుతుంది. అప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలడానికి ఎంతోసేపు పట్టదు.

అలాంటి ఒక వేకువ అనుకుందాం. నాలుగున్నరకు ఒక రైతు ‘ఎవరైనా ఉన్నారా?’ అని పెట్టాడు. మీరు విడిగా అడిగారు. ‘గణపవరం వైపు, నాలుగెకరాల చెరువు, కరెంటు పోయి అరగంట, జనరేటర్ కావాలి’ అని జవాబొచ్చింది. ఇప్పుడు గ్రూపులో ఒకే ఒక్క మెసేజ్ పెట్టాలి. ఆయన అడిగిన మెసేజ్‌నే కోట్ చేసి, ‘గణపవరం వైపు జనరేటర్ కావాలి, వెంటనే. ఉన్నవాళ్లు గ్రూపులో రాయొద్దు, ఈయనకే ఫోన్ చేయండి’ అని రాసి, `@` కొట్టి ఆయన పేరు ఎంచుకోండి. చదివినవాళ్లు ఆ పేరు మీద నొక్కితే నేరుగా ఆయన్ను చేరుకోవచ్చు.

ఇందులో చాలామంది అడ్మిన్లు వాడుకోని సదుపాయం ఒకటుంది. మామూలుగా గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నవాళ్లకు కూడా, `@`తో పేరు పెట్టి పిలిస్తే నోటిఫికేషన్ వెళ్తుంది. కాబట్టి అద్దె జనరేటర్లున్న ఇద్దరు ముగ్గురినీ, ఆక్సిజన్ ట్యాబ్లెట్లు నిల్వ ఉంచే దుకాణదారునీ ముందే అడిగి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకోండి. అవసరమొచ్చిన రాత్రి ఆ నలుగురి పేర్లే మెసేజ్ చివర తగిలించండి. 380 మందిని లేపే పని లేదు, లేవాల్సిన నలుగురు లేస్తారు.

జనరేటర్ దొరికాక మీ మెసేజ్‌ను అలా వదిలేయకండి. ఆరింటికి నిద్ర లేచినవాళ్లు అది చూసి మళ్లీ ఫోన్లు మొదలుపెడతారు. పంపి 15 నిమిషాలు దాటకపోతే దాన్నే `Edit` చేసి ముందు ‘దొరికింది’ అని చేర్చండి, కొత్త నోటిఫికేషన్ వెళ్లదు. 15 నిమిషాలు దాటితే ఎడిట్ కుదరదు, మీ మెసేజ్‌ను `Delete for everyone`తో తీసేయండి. అంతేగానీ సభ్యులు పెట్టిన ‘ఉన్నాం’లను ఒక్కొక్కటే చెరుపుతూ కూర్చోకండి. ఒక్కో దాని చోట ‘అడ్మిన్ తొలగించారు’ అన్న గీత మిగులుతుంది. గ్రూపు శుభ్రపడదు సరికదా, పాతికమందికి మీమీద కోపం మిగులుతుంది.

`Group permissions`లో సభ్యులు మెసేజ్ పంపే వీలు తీసేసి అడ్మిన్లకే ఉంచమని ఎవరైనా సలహా ఇస్తారు. వినకండి. వేకువన ఆ రైతు ఆ గ్రూపులో అడగలేకపోతే ఇంకెక్కడ అడుగుతాడు?

ఇంతవరకూ సర్దుబాటు. నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే ఉంది. ‘ఎవరైనా ఉన్నారా?’ అన్నది ఆపదలో ఉన్న రైతు మాటే కాదు, దొంగ చేతికి చిక్కిన అకౌంట్ నుంచి వచ్చే మొదటి మాట కూడా అదే కావచ్చు. దొంగకు కావలసింది ఆ సమయంలో మెలకువగా ఉండి, తెలిసిన పేరు చూసి నమ్మి పలికే మనిషి. ‘ఉన్నాను అన్నా’ అన్న ప్రతివాడూ తన పేరూ నంబరూ తానే ఆ జాబితాలోకి ఎక్కించుకున్నట్టు. తర్వాత వాళ్లకు విడివిడిగా వెళ్తుంది: ‘పొరపాటున నీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ వచ్చింది, పంపు’, లేదా ‘ఆసుపత్రిలో ఉన్నా, ఈ క్యూఆర్‌కి డబ్బు కొట్టు’, లేదా చివర `.apk` అని ఉన్న ఫైలు. కోడ్ పంపినవాడి అకౌంట్ కూడా పోతుంది, మరుసటి రాత్రి అతని పేరుతో ఇంకో గ్రూపులో అదే ప్రశ్న.

అందుకే మూడు ప్రశ్నల జవాబు మీకు రెండు రకాలుగా పనికొస్తుంది. నిజంగా చెరువు గట్టున ఉన్నవాడు ఊరు, చెరువు, కరెంటు అని గబగబా చెప్పేస్తాడు. దొంగ ఊరి పేరు దాటేసి డబ్బు దగ్గరికో కోడ్ దగ్గరికో వస్తాడు. ఎప్పుడూ వాయిస్ మెసేజ్‌లే పెట్టే మనిషి ఉన్నట్టుండి ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తున్నా అనుమానించాలి. అనుమానం వస్తే ఆయన నంబర్‌కి మామూలు ఫోన్ చేయండి. వాట్సాప్ కాల్ చేయకండి, అది అకౌంట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గరే మోగవచ్చు. సిమ్ మీద వెళ్లే కాల్ అసలు మనిషి దగ్గర మోగుతుంది. ఫోన్ ఆగిపోయి ఉంటే ఇంట్లోవాళ్లకు చేయండి. గొంతు వినేదాకా ఆయన తరఫున గ్రూపులో ఏమీ పెట్టకండి.

దొంగతనమేనని తేలితే ఆ నంబర్‌ను గ్రూపు నుంచి తీసేయండి. అక్కడితో ఆగకుండా `Invite via link`లోకి వెళ్లి `Reset link` నొక్కండి. పాత లింకు దొంగ దగ్గరుంటే అదే దారిన ఇంకో నంబర్‌తో మళ్లీ లోపలికి రావచ్చు. అప్పుడు ఒక్క మెసేజ్ పెట్టండి: ‘ఫలానా వారి అకౌంట్ పోయింది, ఆ పేరుతో ఏది అడిగినా ఇవ్వొద్దు.’ దీనికి మాత్రం అందర్నీ లేపినా తప్పులేదు.

అకౌంట్ పోగొట్టుకున్నాయన తన ఫోన్‌లో అదే నంబర్‌తో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్ కొట్టగానే దొంగ బయటికి పోతాడు. దొంగ ముందే టూ స్టెప్ పిన్ పెట్టేసి ఉంటే, ఆ పిన్ లేకుండా లోపలికి వెళ్లడానికి 7 రోజులు ఆగాలి. ఆ 7 రోజులూ దొంగకు కూడా ప్రవేశం ఉండదు, కంగారు పడొద్దు. లోపలికి వెళ్లాక `Linked devices` తెరిచి తెలియనివన్నీ లాగౌట్ చేయాలి. ఎవరి డబ్బైనా పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అడ్మిన్లయితే ఇదంతా జరగకముందే `Settings`, `Account`, `Two-step verification`లో తమ పిన్ పెట్టుకుని, ఈమెయిల్ కూడా ఇచ్చి ఉంచాలి. అడ్మిన్ అకౌంటే పోతే గ్రూపు తాళాలు దొంగ చేతికి వెళ్లినట్టు. తొమ్మిదిమంది అడ్మిన్లున్న గ్రూపులు చూస్తుంటాం. మీకు ముగ్గురు చాలు.

ఈ యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద నాకు కోపముంది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కొత్త ట్యాబులు, కొత్త స్టిక్కర్లు. ఒక సభ్యుడు ఇన్ని నిమిషాలకు ఒక మెసేజే పెట్టగలిగేలా ఆపే మీట మరో రకం యాప్‌లో ఏళ్ల నుంచీ ఉంది. వందలమందిని ఒక గదిలో కూర్చోబెట్టినవాళ్లు ఆ మీట ఎందుకివ్వరు? ఒకే ప్రశ్నకు వచ్చిన పాతిక ‘ఉన్నాం’లను ఒక్క నోటిఫికేషన్‌గా మడిచి పంపడం అంత కష్టమా? ఆ భారమంతా అడ్మిన్ నిద్ర మీద వేశారు.

చివరగా వరద రోజుల సంగతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో హెచ్చరిక దాటాక లంక గ్రామంలో ఉన్న సభ్యుడెవరైనా ‘ఎవరైనా ఉన్నారా?’ అంటే పైన చెప్పిన మూడు ప్రశ్నలూ వద్దు, నేరుగా ఫోన్ చేయండి. కాల్ కలవకపోతే ప్రైవేటు చాట్‌లో ‘లొకేషన్ పంపండి’ అని ఒక్క మాట రాయండి. ఒకే టిక్కు దగ్గర ఆగిపోతే మీ మెసేజ్ ఇంకా ఆయన ఫోన్‌కు చేరలేదన్నమాట. ఎదురుచూడకుండా ఆయన పేరు, నంబరు, ఊరు తహసీల్దారు కార్యాలయంలోని కంట్రోల్ రూమ్‌కి చెప్పండి. రెండు టిక్కులు పడితే `Send your current location` నొక్కమనండి. `Share live location` వద్దు, అది నడిచినంతసేపూ ఫోన్ బ్యాటరీ తింటుంది. కరెంటు లేని లంకలో పడవ వచ్చేదాకా ఆయనకు ఆ బ్యాటరీ మిగలాలి.