మెసేజ్ సంగతి తర్వాత, ముందు మీ అమ్మగారితో మాట్లాడండి

"మేడమ్, మాది విజయవాడ, పుట్టిల్లు గుంటూరు. పాపకి 14వ నెల. పోయిన ఏడాది మరీ పసిగుడ్డని పోయలేదు, ఈ భోగికే మొదటిసారి భోగిపళ్ళు పోస్తున్నాం. పాపకి దీవెనలు అడుగుతూ చుట్టాలందరికీ వాట్సాప్‌లో మంచి మెసేజ్ పెట్టాలి. ఎవరి పేర్లు ముందు వేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మామగారు రెండేళ్ళ క్రితం పోయారు. అందుకని అత్తయ్యగారి పేరు వేయొద్దని, పళ్ళు ముత్తైదువులే పోయాలని మా అమ్మ అంటోంది. అత్తయ్యగారు నొచ్చుకోకుండా ఎలా రాయాలి? మా ఆయన ‘మీ ఇష్టం’ అంటారు."
— పేరు వద్దు, విజయవాడ

అమ్మా, ఒక మనిషిని పక్కన పెట్టి ఆవిడ నొచ్చుకోకుండా రాసే మెసేజ్ ఏ భాషలోనూ ఉండదు. కాబట్టి ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్తగారి మీద మీకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. పేర్ల వరస దగ్గర అడ్డుపడుతున్నది మీ అమ్మగారి మాట. ఆవిడకి ‘కాదమ్మా’ అని చెప్పలేక, ఆ బరువు నాలుగు లైన్ల మెసేజ్ మీద పెడుతున్నారు. మీ ఆయన సంగతి మళ్ళీ ఎప్పుడైనా మాట్లాడుకుందాం. కన్నతల్లి విషయంలో ‘మీ ఇష్టం’ అనే మగాడికి నేను చెప్పేది చాలా ఉంది, ఇక్కడ పట్టదు.

మా మేనత్త గుర్తొచ్చింది. మా ఇంట్లో పిల్లలందరికీ నలుగుపెట్టి నీళ్ళు పోసిన చెయ్యి ఆవిడది. భోగి సాయంత్రం మాత్రం వంటింటి గడప ఇవతలికి వచ్చేది కాదు. శనగలు నానబెట్టడం, చెరకు ముక్కలు కొట్టడం, పళ్ళెం సర్దడం అన్నీ ఆవిడే. పళ్ళెం బయటికి వచ్చేది, ఆవిడ రాదు. రమ్మని మేం ఎవ్వరం పిలవలేదు. ఇన్నేళ్ళయినా ఆ సిగ్గు నాకు పోలేదు. అందుకే నా మాట కాస్త కటువుగా ఉంటే ఏమనుకోకండి.

ఇంతకీ భోగిపళ్ళు ఎందుకు పోస్తాం? పిల్లకి దిష్టి పోవాలని, పెద్దల దీవెన తగలాలని. రేగిపండుకి అర్కఫలమని పేరు, సూర్యుడి పండు. సంక్రాంతికి ముందురోజు సాయంత్రం ఆ పళ్ళు, చెరకు ముక్కలు, బంతి రేకులు, చిల్లర కలిపి గుప్పిట పట్టి, పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పి, నెత్తిన జారవిడుస్తాం. చాలా ఇళ్ళలో మొదటి గుప్పెడు తల్లిదే. అంటే మీదే. ముందు ఎవరు పోయాలన్న గొడవ అక్కడితో సరి. మీ తర్వాత నాయనమ్మ, ఆ తర్వాత అమ్మమ్మ, తాతయ్య, తక్కినవాళ్ళు. పసుపు కుంకుమ, తాంబూలం ఇచ్చే పేరంటం ఆ తర్వాత సంగతి, దానికి మీ ఇళ్ళ ఆనవాయితీ ఏదైతే అది చేసుకోండి. ఆ పద్ధతిని తెచ్చి పళ్ళ దగ్గర అడ్డుగా పెట్టొద్దు.

నాయనమ్మని ముందు పోయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది పిల్ల వైపు నుంచి. ఏడాది దాటిన పిల్లలకి కొత్త ముఖాలంటే బెరుకు. పట్టులంగా గుచ్చుకుంటుంటే, పాతికమంది చుట్టూ చేరి ‘ఇటు చూడు’ అంటుంటే, నెత్తిన ఏదో పడగానే గుక్కపట్టి ఏడుస్తారు. ఫోటోల్లో సగం పిల్లలు ఏడుస్తూనే ఉంటారు చూడండి. రోజూ ఎత్తుకునే చేతులు ముందు రెండు గుప్పిళ్ళు పోస్తే పిల్ల అదో ఆట అనుకుంటుంది. తండ్రి ఒళ్ళో, తూర్పు ముఖంగా కూర్చోబెట్టండి. ‘మీ ఇష్టం’ అన్నాయనకి ఆ పనైనా ఉంటుంది. పళ్ళు చిన్న నాటు రేగిపళ్ళే తెప్పించండి. యాపిల్ రేగు అని అమ్ముతారే, కోడిగుడ్డంత ఉంటుంది, అది పసినెత్తి మీద వేయకండి. దోసిళ్ళతో ఎత్తునుంచి కుమ్మరించకూడదు, తలకి ఆనించినంత దగ్గర నుంచి వదలాలి. పద్నాలుగు నెలల పిల్ల దొరికింది దొరికినట్టు నోట్లో పెట్టుకుంటుంది. రేగిగింజ, శనగ, రూపాయి బిళ్ళ, ఏదైనా గొంతుకి అడ్డం పడేదే. ఈ ఏడాదికి శనగలు పళ్ళెంలో కలపకండి, పేరంటాళ్ళకి విడిగా ఇవ్వండి. చిల్లర కూడా చుట్టుపక్కల పెద్దపిల్లల చేతికే పంచేయండి. పాప చేతుల్ని కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టండి.

ఇప్పుడు మీ అమ్మగారు. పండగ రోజు చుట్టాల ముందు కాదు, వారం ముందే, వీలైతే గుంటూరు వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పండి. ఫోన్‌లో అయితే ఇద్దరూ గొంతు పెంచుతారు. ‘అమ్మా, పాపకి నా తర్వాత నాయనమ్మే పోస్తారు, ఆ తర్వాత నువ్వు. నేను అనుకున్నాను.’ ఇంతే. ‘ఆయన అన్నారు’, ‘వాళ్ళింట్లో అలాగట’ అని ఎవరి మీదా నెట్టకండి. ‘పిల్లకి మంచిది కాదేమోనే’ అని ఆవిడ భయపెట్టొచ్చు. ఆ భయం నిజమైనదే, పిల్ల మీద ప్రేమతోనే అంటారు. దానికి జవాబు వాదన కాదు. ‘రోజూ ఆ చేతులతోనేగా అమ్మా అన్నం తింటోంది’ అనండి, ఊరుకోండి. రెండు రోజులు అలుగుతారు. అలగనివ్వండి. పెళ్ళయి పిల్ల పుట్టాక కూడా అమ్మ అలుగుతుందని ఇంకొకరి తల్లిని వంటింట్లో నిలబెట్టడం భక్తి అనిపించుకోదు.

అత్తగారు కూడా ‘నేనెందుకులేమ్మా, మీరు కానివ్వండి’ అనే అంటారు. మొదటిసారి అన్నప్పుడు సరేనని ఊరుకోకండి. ఆవిడ నిజంగా వద్దనుకుంటున్నారా, మీరు వద్దంటారేమోనని ముందే తప్పుకుంటున్నారా అన్నది రెండోసారి అడిగితేనే తెలుస్తుంది.

ఇక మెసేజ్. పిలుపు ఇంటి పెద్ద పేరు మీద వెళ్ళాలి, మీ ఇంటి పెద్ద ఆవిడే. ఇలా రాయండి:

"మా మనవరాలు చిరంజీవి (పాప పేరు)కి తొలి భోగిపళ్ళు. భోగి నాడు సాయంత్రం నాలుగున్నరకి మా ఇంట్లో. మీరంతా వచ్చి తలో గుప్పెడు పళ్ళు పోసి, నిండు నూరేళ్ళు చల్లగా ఉండమని మా తల్లిని దీవించండి. — నాయనమ్మ (పేరు), అమ్మమ్మ తాతయ్య (పేర్లు), అమ్మా నాన్నా"

ఇంతకంటే అలంకారాలు వద్దు. ఈ మెసేజ్ ఊళ్ళో లేనివాళ్ళకి. దగ్గరి వాళ్ళ ఇళ్ళకి మీరే వెళ్ళి బొట్టు పెట్టి పిలవండి, లేకపోతే ‘వాట్సాప్‌లో పడేశారు’ అన్న మాట ఏడాదంతా వినాలి. మామగారి తరఫు వాళ్ళకి మాత్రం అత్తగారిచేతే ఫోన్ చేయించండి. ఆవిడే స్వయంగా పిలిచాక, ఆవిడ పళ్ళు పోయొచ్చా అని అడిగే నోరు ఆ గదిలో ఎవరికీ ఉండదు. రాలేనివాళ్ళు దీవెన వాయిస్ మెసేజ్‌గా పంపితే దాచిపెట్టండి, పాప పెద్దయ్యాక వింటుంది.

మెసేజ్ గ్రూపులో పెట్టేముందు మీ అమ్మగారికి ఒక్కరికే పంపండి. మాట్లాడకముందు కాదు, మాట్లాడాకే.