కరెంటు తీగ తగిలిన ఇంటికి బాబాయి రాసిన ఉత్తరం

చి. సౌ. అమ్మాయికి,
బాబాయి ఆశీస్సులు.

అల్లుడికి ప్రాణాపాయం తప్పిందని నిన్న మీ అన్నయ్య ఫోనులో చెప్పాడు. గడ్డి ట్రాక్టరు మీద నిలబడి ఉండగా, బాటకు అడ్డంగా వేలాడుతున్న 11 కేవీ తీగ కుడిచేతికి తగిలిందని, కాలి నుంచి కరెంటు బయటికి పోయిందని విన్నాను. లైన్లమీదే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కనుక, ఆ ఆఫీసులో రేపటి నుంచి ఏం జరుగుతుందో నాకు తెలుసు. అందుకే ఫోనులో కాకుండా కాగితం మీద రాస్తున్నాను, దగ్గర పెట్టుకో.

మొదట ఆ తీగను ఫోటో తీయించు. రేపో ఎల్లుండో సిబ్బంది వచ్చి తీగను బిగిస్తారు, లేదా మధ్యలో ఒక స్తంభం పాతుతారు. వాళ్లను ఆపవద్దు, ఆ బాటన ఇంకా ఎందరో నడవాలి. కానీ అంతకు ముందే ఫోటోలు ఉండాలి, బాగుచేశాక మళ్లీ తీయాలి. కర్రతోనో టేపుతోనో ఎత్తు కొలవడానికి ఎవరూ తీగ దగ్గరికి పోకూడదు. లైను సాగిపోయే దిక్కుకు అడ్డంగా, పొలంలోకి దూరంగా వెళ్లి, స్తంభం అడుగు నుంచి కొస వరకు, తీగ బాగా కిందికి దిగిన చోటు కూడా ఒకే ఫోటోలో వచ్చేలా తీయమను. బాట దాటే చోట సాధారణంగా 9.1 మీటర్ల సిమెంటు స్తంభం వేస్తారు. అందులో సుమారు మీటరున్నర భూమిలో ఉంటుంది, 7.6 మీటర్లు పైన కనిపిస్తుంది. అచ్చువేసిన ఫోటోలో స్తంభం 38 మిల్లీమీటర్లు ఉంటే ఒక్కో మిల్లీమీటరు 20 సెంటీమీటర్ల కింద లెక్క. తీగ 24 మిల్లీమీటర్ల ఎత్తులో కనిపిస్తే అది 4.8 మీటర్లు. నేల చదునుగా ఉంటేనే ఈ లెక్క సరిపోతుంది. ఇది అంచనా మాత్రమే, అధికారికంగా కొలవాల్సింది విద్యుత్ తనిఖీ అధికారే. కానీ మన చేతిలో ఒక అంకె ఉంటే ఆయన ముందు నిలబడి అడగగలం.

ఎందుకంటే, వీధికి అడ్డంగా పోయే 11 కేవీ తీగ నేల నుంచి కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఉంది. గడ్డి లోడు 3.4 మీటర్లు, దాని మీద నిలబడ్డ మనిషి 1.7 మీటర్లు అనుకో, కలిపితే 5.1. తీగ ఉండాల్సిన ఎత్తులో ఉంటే అల్లుడి తలకు పైన ఇంకా మీటరు ఖాళీ. "ఎత్తుగా లోడు వేసుకున్నాడు, అతనిదే తప్పు" అని వాళ్లు అంటారు. దానికి జవాబు ఈ లెక్కే.

ఇక కాగితాలు. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదు చేశారో లేదో కనుక్కో, ఆ నంబరు రాసుకో. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకో. ప్రమాదం సంగతి తెలిసిన 24 గంటల్లో పంపిణీ సంస్థ విద్యుత్ తనిఖీ అధికారికి తెలియజేయాలి, 48 గంటల్లో రాతపూర్వక నివేదిక పంపాలి. ఈ అధికారి కంపెనీ మనిషి కాదు, ప్రభుత్వ శాఖవాడు. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద విచారణ చేసేది ఆ శాఖే. కంపెనీ పంపుతుందిలే అని ఊరుకోకుండా నువ్వు కూడా రిజిస్టరు పోస్టులో ఒక ఉత్తరం పంపు. తేదీ, సమయం, ఊరు, స్తంభాల నంబర్లు రాసి, ఫోటోలు జతచేసి, తీగ ఎత్తు కొలిచేటప్పుడు మమ్మల్నీ పిలవండి అని అడుగు. కోర్టులో ఆ అధికారి ఇచ్చే నివేదికకు మంచి బలం ఉంటుంది.

ఇంకొక్కటి, బయటివాళ్లకు తట్టని సంగతి. సబ్‌స్టేషనులో లాగ్‌బుక్ ఉంటుంది. ఏ ఫీడరు, అంటే అక్కడి నుంచి ఊళ్లకు పోయే ఏ లైను, ఏ నిమిషానికి ట్రిప్ అయి కరెంటు ఆగింది, మళ్లీ ఎప్పుడు ఛార్జ్ చేశారు అన్నది ఆపరేటరు అందులో రాస్తాడు. ప్రమాదం జరిగిన సమయానికి ట్రిప్ నమోదై ఉంటే, కరెంటు ఆ తీగ నుంచే వచ్చిందనడానికి వాళ్ల చేతిరాతే సాక్ష్యం. అప్పుడు ట్రిప్ కాకపోతే, రక్షణ పరికరం ఎందుకు పనిచేయలేదని అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఆ పేజీ నకలు, ఆ లైను తనిఖీ చేసిన రికార్డు, 1912 ఫోను నంబరుకు మీ ఊరి నుంచి వెళ్లిన ఫిర్యాదుల వివరాలు అడుగు. తీగలు దిగాయని పంచాయతీ వాళ్లు అంతకుముందు అర్జీ ఇచ్చి ఉంటే, ముద్రపడిన నకలు వెతికించు. లేకపోయినా బెంగపడకు. మధ్యప్రదేశ్‌లో వాననీటిలో పడి ఉన్న తీగ తగిలి సైకిలు మీద వెళ్తున్న వ్యక్తి చనిపోయిన కేసులో, 2002లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఇంత ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసే సంస్థ, తన నిర్లక్ష్యం రుజువు కాకపోయినా నష్టపరిహారం చెల్లించాల్సిందే.

రెండు మూడు రోజుల్లో ఆఫీసు నుంచి ఎవరో వస్తారు. మంచివాడే వస్తాడు, పండ్లు కూడా తెస్తాడు. లైన్‌మన్ మీద కోపం చూపకు. పది ఊళ్ల లైన్లు ఒక్కడే చూసుకునే మనిషి అతను. బాధ్యత సంస్థది. కానీ, "నా అజాగ్రత్త వల్లే జరిగింది" అనే కాగితం మీదా, ఖాళీ కాగితం మీదా మీ ఇద్దరిలో ఎవరూ సంతకం పెట్టవద్దు. ఎక్స్‌గ్రేషియా ఇస్తే తీసుకో, అది మీకు రావాల్సిందే. రసీదు మీద మాత్రం "పూర్తి పరిహారం కోరే హక్కు వదులుకోకుండా తీసుకుంటున్నాను" అని నీ చేతితో రాయి. వాళ్లు ఒప్పుకోకపోతే వకీలును అడిగాకే సంతకం.

తొందరపడి రాజీకి రావద్దనడానికి ఇంకో కారణం ఉంది. హైవోల్టేజి గాయం పైకి చిన్నగా కనిపిస్తుంది, లోపల కండ, నరం కాలిపోయి ఉంటాయి. చెయ్యి ఎంతవరకు నిలుస్తుందో డాక్టర్లకే కొన్ని వారాలు గడిస్తేగాని తెలియదు. 2011లో పానీపట్‌లో ఇంటి మీదుగా పోయే 11 కేవీ తీగ తగిలి నాలుగేళ్ల పిల్లవాడు రెండు చేతులూ ఒక కాలూ పోగొట్టుకున్నాడు. హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం నిర్ణయించిన 60 లక్షలను, పై ధర్మాసనం తగ్గించినా, 2014లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. జీవితాంతం కావాల్సిన వైద్యం, తోడుమనిషి ఖర్చు, పోయిన సంపాదన అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకని మందుల బిల్లులతో పాటు పాలకేంద్రం చీటీలు, ట్రాక్టరు కిరాయి రసీదులు, పట్టాదారు పాసుపుస్తకం ఒకే సంచిలో పెట్టు. గాయాన్ని ప్రతి కట్టు మార్పిడికీ తేదీతో ఫోటో తీయి. గాయం మానాక వైకల్య ధ్రువపత్రం తీసుకోవాలి.

దావా ఎక్కడ వేయాలన్నది వకీలు చెబుతాడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్తే, స్త్రీవి కనుక నీకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. శాశ్వత లోక్ అదాలత్ గురించి అక్కడే అడుగు. విద్యుత్ సరఫరా వివాదాలను కోటి రూపాయల దాకా అది వింటుంది, కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదరకపోతే తానే తీర్పు ఇవ్వగలదు. అయితే అక్కడికి వెళ్లాలంటే అంతకుముందు వేరే కోర్టులో దావా వేసి ఉండకూడదు, వేశాక మధ్యలో కోర్టుకు పోకూడదు. అందుకే ముందే ఆలోచించుకో. కాలపరిమితి మీద వాళ్ల వకీలు పేచీ పెట్టే వీలు లేకుండా ఏదైనా ఏడాదిలోపే వేయాలి.

తనిఖీ అధికారికి రాసే ఉత్తరం చిత్తుప్రతి నాకు పంపు, స్తంభాల నంబర్లు సరిచూసి తిరిగి పంపుతాను. కొలతకు ఆయన వచ్చే రోజు ముందుగా తెలిస్తే నేనూ వస్తాను.

ఇట్లు,
మీ బాబాయి