నాలుగు ‘కానీ’లు

అమ్మాయీ,

నీ ఫ్రెంచి వ్యాసం చదివాను. లియోన్‌లో అద్దె గది కోసం నువ్వు తిరిగిన తిరుగుడు చదువుతుంటే నవ్వొచ్చింది. ఆ ఇంటావిడ చేత ఇంకాస్త మాట్లాడించి ఉండాల్సింది, అది తర్వాత చూద్దాం. నన్ను ఆపింది వేరే సంగతి. వాడిన మాటే మళ్లీ వాడకూడదని కాబోలు, ‘కానీ’, ‘అయితే’ లాంటి అర్థాలిచ్చే నాలుగు ఫ్రెంచి మాటలు పుర్తాఁ, సెపాఁదాఁ, తుత్‌ఫ్వా, ఆఁ రెవాఁష్‌లను వంతులవారీగా దింపావు. పర్యాయపదాల పట్టికలో అవి పక్కపక్కనే ఉంటాయి నిజమే. అయినా ఒకటి తీసి ఇంకొకటి పెడితే వాక్యం చెప్పే విషయమే మారిపోతుంది.

నీ వాక్యాలే తీసుకుందాం. ‘గది చిన్నది. వెలుతురు బాగా వస్తుంది.’ మధ్యలో ఆఁ రెవాఁష్ పెడితే, లోటు చెప్పి దానికి ఎదురుగా ఒక లాభం చూపించినట్టు. మనం ‘వెలుతురు మాత్రం బాగా వస్తుంది’ అంటామే, అదీ దాని స్వరం. ఇందులో ఆశ్చర్యం లేదు. పుర్తాఁ పెట్టావంటే ఆశ్చర్యం వస్తుంది: చిన్న గదంటే చీకటిగా ఉంటుందనుకుంటాం, తీరా చూస్తే అలా లేదు. తుత్‌ఫ్వా పెడితే గది మీద నీ ఫిర్యాదు అలాగే ఉంటుంది, చిన్న సవరణ ఒకటి చేర్చావంతే, మన ‘కాకపోతే’ లాగా. సెపాఁదాఁ పెడితే మాట మలుపు తిరుగుతుంది. ఇక వెలుతురు గురించే ఏదో చెప్పబోతున్నావని చదివేవాళ్లు ఎదురుచూస్తారు. నువ్వేమో సెపాఁదాఁ పెట్టి, ఆ వెంటనే అద్దె సంగతిలోకి వెళ్లిపోయావు. అక్కడ నీకు కావలసింది ఆఁ రెవాఁష్.

పుర్తాఁకి ఇంకో గుణం ఉంది, దాన్ని పట్టుకుంటే సగం తికమక తీరుతుంది. అది వెనక్కి కూడా నడుస్తుంది. ‘పోల్‌ని పిలిచాను. పుర్తాఁ, రాలేదు’ అనొచ్చు. తిరగేసి ‘పోల్ రాలేదు. పుర్తాఁ, పిలిచాను’ అని కూడా అనొచ్చు. రెండోది తెలుగులో ‘పిలిచాను కదా!’ అవుతుంది. జరిగినదాన్ని ముందు చెప్పి, జరగకూడని కారణాన్ని తర్వాత గుర్తుచేయడం అన్నమాట. ఈ రెండో వరుసలో సెపాఁదాఁ గానీ తుత్‌ఫ్వా గానీ పెట్టి చూడు, ఫ్రెంచివాళ్ల చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ రెండూ ముందుకే నడుస్తాయి.

దీనికి బదులుగా పుర్తాఁకి ఒక చేతకానితనం ఉంది. అది రెండు నిజాలను ఢీకొట్టిస్తుంది కాబట్టి ఆజ్ఞల ముందు నిలవదు. ‘నా కారు తీసుకెళ్లండి. తుత్‌ఫ్వా, వేగంగా నడపకండి’ అంటే చక్కగా ఉంటుంది, సెపాఁదాఁ అయినా సరే. పుర్తాఁ కుదరదు. నువ్వు రెండో పేజీలో ఇంటావిడ షరతులు చెప్పిన చోట ఈ పొరపాటే ఉంది.

ఆఁ రెవాఁష్ గురించి ఒక హెచ్చరిక. దాదాపు అదే అర్థమున్న ‘పార్ కోఁత్ర్’ను వోల్టేర్ మాటను బట్టి లిత్రే తన నిఘంటువులో తప్పుపట్టాడు. అప్పటి నుంచి జాగ్రత్తపరులు దాని బదులు ఆఁ రెవాఁష్ రాయమంటారు. దీన్ని గుడ్డిగా పాటించకు. ఫ్రెంచి రచయిత ఆంద్రే జీద్ దీనికి మంచి జవాబిచ్చాడు: నా తమ్ముడూ మా ఆయనా యుద్ధం నుంచి క్షేమంగా తిరిగొచ్చారు, ‘ఆఁ రెవాఁష్’ నా కొడుకులిద్దరూ పోయారు అని ఒకావిడ అంటే వినగలమా అని. రెవాఁష్‌లో బదులు దక్కిందన్న వాసన ఉంది, నష్టం చెప్పేటప్పుడు అది వెగటు. నా మటుకు నేను మంచి తర్వాత చెడు వచ్చినప్పుడు ‘పార్ కోఁత్ర్’ రాయడానికి వెనుకాడను. మరీ భయంగా ఉంటే వాక్యాన్నే మార్చుకో.

ఇక సెపాఁదాఁ, తుత్‌ఫ్వాల మధ్య గీత సన్ననిది. తుత్‌ఫ్వా మరీ రాతభాష. స్నేహితులు కబుర్లాడుకునే చోట పెడితే పాత్రలకు కోటు తొడిగినట్టుంటుంది. నీ వ్యాసంలో కాఫీ దుకాణం సంభాషణలో ఒకటుంది, తీసెయ్. సెపాఁదాఁ మూలంలో ‘ఈలోగా’ అనే అర్థమున్న మాట. పదిహేడో శతాబ్దం రాతల్లో అలాగే కనిపిస్తుంది, పాతవి చదివేటప్పుడు ప్రతిచోటా ‘అయితే’ అనుకుంటే కథ అర్థం కాదు.

మామూలు ‘కానీ’ అయిన ‘మే’ను జతచేసి ‘మే సెపాఁదాఁ’ అని రెండూ కలిపి రాసిన చోట్ల ఒకటి కొట్టెయ్. చాలా చోట్ల ఒక్క ‘మే’ సరిపోతుంది. కొన్ని చోట్ల అదీ అక్కర్లేదు. పేజీ మొత్తంలో పుర్తాఁ కనిపించిన ప్రతిచోటా రెండు వాక్యాలనూ తిరగేసి చదివి, ఢీకొట్టేదేదీ లేదనిపిస్తే మాట మార్చి పంపు.

ఉంటాను.