అక్క చెప్పిన పంపకంలో ఎక్కువ వచ్చేది మీకే

ప్రశ్న: అమ్మ పోయి ఏడాది దాటింది. మొన్న అక్క నాకూ చెల్లికీ మెసేజ్ పెట్టింది. “హారం 60 గ్రాములు, గాజులు 48, గొలుసు 48. తలా 52 రావాలి. హారం చెల్లికి, గాజులు నీకు, అమ్మ రోజూ వేసుకున్న గొలుసు నాకు. చెల్లి మనిద్దరికీ చెరో 4 గ్రాముల మేలిమి బంగారం ఇస్తే సరిపోతుంది” అని. హారంలో రాళ్లున్నాయి, గొలుసు పాతది, దాని మీద ముద్ర లేదు. గాజుల మీద 916 ఉంది. గొలుసు తనకేనని అక్క ముందే రాసేసుకోవడం నాకు నచ్చలేదు. ఈ పంపకం న్యాయమేనా?

జవాబు: అమ్మ ఏ వస్తువు ఎవరికో వీలునామాలో రాసి ఉంటే ముందు అదే చూడాలి. లేదనుకునే చెబుతున్నాను. మీ అక్క పద్ధతి మంచిదే. నగలు కరిగించకుండా, అమ్మకుండా, తలా ఒకటి తీసుకుని తేడా సర్దుకోవడం కంటే మెరుగైన దారి నాకు తెలియదు. పొరపాటల్లా ఆవిడ మొత్తం తూకాన్ని పంచడంలో ఉంది. పంచాల్సింది ఆ తూకంలో ఎంత మేలిమి బంగారం ఉందో అది.

హారం తూకంలో రాళ్లూ, వాటి వెనక లక్కా కలిసే ఉంటాయి. కొన్నప్పటి బిల్లు దొరికితే అందులో మొత్తం తూకం, రాళ్లు తీసేసిన తూకం విడివిడిగా రాసి ఉంటాయి. లేకపోతే కంసాలి అంచనా వేయాలి. ఇక 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, అంటే 22 క్యారెట్లు. ముద్ర లేని పాత గొలుసు 22 కావచ్చు, 18 కూడా కావచ్చు, కంటితో చూసి చెప్పలేం. క్యారెట్ మీటర్ మీద పెట్టించండి. అయితే ఆ మెషీన్ చదివేది పైపొరనే. పైన పూత ఉంటే ఎక్కువ చూపిస్తుంది, టాంకం వేసిన చోట తక్కువ చూపించవచ్చు. అందుకే ఒక్క చోట చూసి వదిలేయకుండా కొక్కెం, మధ్య లింకులు, అరిగిన చోటు, ఇలా మూడు నాలుగు చోట్ల చూడమని అడగండి. అంకెలు బాగా తేడా వస్తే ఆ గొలుసు గురించి ఇంకొకరి చేత కూడా పరీక్ష చేయించండి.

ఉదాహరణకు హారం 22 క్యారెట్లని, అందులో రాళ్లూ లక్కా 10 గ్రాములని, గొలుసు 18 క్యారెట్లని తేలిందనుకుందాం. హారంలో మిగిలేది 50 గ్రాముల 22 క్యారెట్ల బంగారం, అందులో మేలిమి సుమారు 46. గాజుల్లో 44. గొలుసులో ముప్పాతిక వంతే బంగారం కాబట్టి 36. మొత్తం 126, తలా 42.

ఇప్పుడు అక్క మెసేజ్ ప్రకారం పంచి చూడండి. చెల్లి హారంలో 46 తీసుకుని 8 ఇచ్చేస్తే ఆ అమ్మాయికి మిగిలేది 38. అక్కకు 36కు 4 కలిపి 40. మీకు 44కు 4 కలిపి 48. అంటే మీరు గొలుసు విషయంలో ఎవరిని అనుమానించారో ఆవిడకే 2 గ్రాములు తక్కువ, చెల్లికి 4 తక్కువ, ఆ 6 గ్రాములూ మీ దగ్గర. సరైన లెక్కలో అక్కకు చెల్లి 4, మీరు 2 ఇవ్వాలి. అసలు సంఖ్యలు మీ పరీక్షలో వేరుగా రావచ్చు, లెక్క తీరు మాత్రం ఇదే.

హారంలో ఉన్నవి మామూలు రాళ్లయితే వాటికి విలువ కట్టకండి. కెంపులో వజ్రాలో అయితే మాత్రం విడిగా విలువ కట్టించి ఆ మొత్తాన్ని కలపాలి. మజూరీ, తరుగు ఎవరి లెక్కలోకీ రాకూడదు, అవి అమ్మ కొన్న రోజే ఖర్చయిపోయాయి.

తేడాను డబ్బుగా ఇవ్వాలనుకుంటే రెండు విషయాలు చూసుకోండి. మేలిమి గ్రాములను 24 క్యారెట్ల రేటుతోనే గుణించాలి. ఇక్కడ 22 రేటు వేసి తక్కువ ఇవ్వడం నేను తరచూ చూసే పొరపాటు. రెండోది, కాగితం మీద బాకీని గ్రాముల్లోనే రాసి, డబ్బు చేతికిచ్చే రోజు రేటు కట్టండి. చెల్లి ఆరు నెలలు ఆగి ఇచ్చినా అప్పుడు ఎవరికీ నష్టం ఉండదు.

గొలుసు సంగతి అక్కనే నేరుగా అడగండి. మెడలో గొలుసుతో అమ్మ ఎలా ఉండేదో తలుచుకుని అడిగిందేమో. మీకూ ఆ గొలుసే కావాలనుంటే ఆ మాట ఇప్పుడే చెప్పండి. అప్పుడు ఇద్దరూ చెరో చీటీ మీద, దాని కోసం తమ వాటాలో ఎన్ని గ్రాములు వదులుకుంటారో రాయండి. ఎక్కువ రాసినవాళ్లు గొలుసు తీసుకుంటారు, ఆ గ్రాములు మిగతా ఇద్దరికీ సమానంగా వెళ్తాయి.

పరీక్ష చీటీలు ముగ్గురి ఫోన్లకూ పంపాక, “అక్కా, నీ పద్ధతే బాగుంది, తూకం బదులు మేలిమి లెక్క వేద్దాం, అలా చూస్తే నేనే నీకు 2 గ్రాములు ఇవ్వాలి” అని రాయండి. అంకె మీ పరీక్షలో వచ్చినది వేసుకోండి. ఆ 2 గ్రాములు వద్దని అక్క అంటే, అది తెలిసి వదులుకున్నట్టుగా కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి.