జప్తయిన వాటాలను ‘జారీ’ చేస్తారా, అమ్ముతారా?

సందేహం: డిగ్రీ విద్యార్థులకు కామర్స్ తెలుగులో చెబుతాను. వాటా ధరలో కంపెనీ విడతగా అడిగే డబ్బును పిలుపు సొమ్ము అంటాం కదా. ‘పిలుపు సొమ్ము కట్టనందుకు జప్తు చేసిన వాటాలను తగ్గింపుతో పునఃజారీ చేశారు’ అన్న వాక్యం దగ్గర ఒక కుర్రాడు లేచి, ‘వాటాలను తగ్గింపుతో జారీ చేయకూడదని మొన్ననే చెప్పారు కదా సార్!’ అన్నాడు. తప్పు ఎక్కడుంది? పునఃజారీ, పునర్జారీల్లో ఏది ఒప్పు? జప్తు అన్న మాట ఇక్కడ సరిపోతుందా?

సమాధానం: మీ కుర్రాడు పట్టుకోవలసిన చోటే పట్టుకున్నాడు. చిక్కంతా ‘జారీ’లో ఉంది. 2013 కంపెనీల చట్టం 53వ సెక్షన్ ముఖవిలువ కంటే తక్కువకు వాటాలు జారీ చేయకూడదంటుంది. డైరెక్టర్లకు, ఉద్యోగులకు వారి సేవకు గుర్తింపుగా ఇచ్చే స్వెట్ ఈక్విటీ లాంటి ఒకటి రెండు సందర్భాలకే మినహాయింపు. కంపెనీల నియమావళికి నమూనాగా అదే చట్టం ఇచ్చిన ‘ఎఫ్’ పట్టికలో జప్తయిన వాటాల ప్రస్తావన ఉంది. అక్కడ జారీ అన్న మాటే కనిపించదు. బోర్డు తనకు సబబనిపించిన షరతులతో వాటిని అమ్మవచ్చు, లేదా మరో విధంగా ఎవరికైనా ఇవ్వవచ్చు అని ఉంటుంది.

జారీ అంటే అంతవరకూ లేని వాటాను పుట్టించి ఒకరికి కేటాయించడం. జప్తయిన వాటా ఎప్పుడో పుట్టింది. ఒకరి చేతిలోంచి కంపెనీకి తిరిగివచ్చింది, ఇప్పుడు ఇంకొకరి చేతికి పోతోంది. అది అమ్మకం కాబట్టి 53వ సెక్షన్ దాని జోలికి రాదు. పాఠ్యపుస్తకం రాసినవారిని అనవలసిన పని లేదు. ఇంగ్లీషు పుస్తకాలు కూడా దీన్ని రీఇష్యూ అనే అంటాయి, మనవాళ్లు దాన్నే తెలుగు చేశారు.

ఇక సంధి సంగతి. పునః తర్వాత జకారం వస్తే విసర్గ రేఫ అవుతుంది కనుకే పునర్జన్మ అంటున్నాం. ఆ లెక్కన పునర్జారీ అనాలి. కానీ జారీ సంస్కృతం కాదు, అరబ్బీ నుంచి పారసీ మీదుగా మనకు వచ్చింది. (తెలుగు ‘జారు’కీ దానికీ చుట్టరికం లేదు.) దానికి పునః తగిలించి, ఆపైన విసర్గ సంధి చేయడం నాకు కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘తిరిగి జారీ’ అంటే హాయిగా ఉంటుంది. నన్నడిగితే ‘తిరిగి అమ్మకం’ ఇంకా మేలు. పరీక్షలో పుస్తకంలోని మాటే రావాలంటే అదే రాయించండి. అది అమ్మకమేనని మాత్రం ఒకసారి చెప్పండి.

జప్తు విషయంలో మీ అనుమానానికి ఆధారం ఉంది. కోర్టు ఒకరి ఇల్లు జప్తు చేసిందంటే ఆ ఇల్లు వెంటనే పరాయిదైపోదు. వేలం వేశాక బాకీ పోగా మిగిలింది ఉంటే సొంతదారుకే వస్తుంది. వాటాల విషయంలో అలా కాదు. బోర్డు తీర్మానంతో అతని సభ్యత్వమే పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. అంతటితోనూ అయిపోదు. జప్తు నాటికి కట్టవలసి ఉన్న బాకీని కంపెనీ తర్వాత కూడా అడగవచ్చని ఎఫ్ పట్టికే చెబుతోంది. ఎన్నికల వార్తల్లో మనకు ఇలాంటిదానికే చక్కని మాట ఉంది: ‘ధరావతు గల్లంతు’, ‘డిపాజిట్ కోల్పోయాడు’. అది పోగొట్టుకున్నవాడి వైపు నుంచి చెప్పిన మాట, జప్తు తీసుకున్నవాడి వైపు నుంచి చెప్పిన మాట. కాబట్టి కంపెనీ వాటాలను జప్తు చేసింది, వాటాదారు కట్టిన సొమ్ము కోల్పోయాడు అని రెండూ రాస్తే అర్థం పూర్తిగా వస్తుంది. జప్తు బాగా పాతుకుపోయిన మాట, దాన్ని మార్చమని నేననను.

మీరు అడగకపోయినా ‘పిలుపు సొమ్ము’ గురించీ చెప్పాలి. పిలుపు అనగానే పెళ్లి పిలుపు గుర్తొచ్చి పిల్లలు నవ్వుతారని కొందరు లెక్చరర్లు ‘కాల్ మనీ’ అంటున్నారు. 2015 డిసెంబరులో విజయవాడ వ్యవహారం బయటపడ్డాక మన దగ్గర కాల్ మనీ అంటే అధిక వడ్డీల దందా అన్న అర్థమే జనం నోట నిలిచింది. నవ్వినా సరే, పిలుపు సొమ్మే నయం.

జప్తుకు ముందు ఇచ్చే నోటీసు గురించి రాసేటప్పుడు ‘14 రోజుల్లోగా చెల్లించాలని నోటీసు ఇస్తారు’ అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. అది తలకిందుల మాట. నోటీసు అందాక 14 రోజులు గడవకముందు వచ్చే ఏ తేదీనీ గడువుగా పెట్టకూడదు. అంటే కనీసం 14 రోజులు ఇవ్వాలి, ఎక్కువ ఇచ్చినా తప్పు లేదు. ‘లోగా’ అంటే అదే గరిష్ఠం అనిపిస్తుంది. నోటీసులో ఇలాంటి లోపం దొర్లితే జప్తే చెల్లకుండా పోవచ్చు.

అసలు ప్రమాదం ఇంకా చిన్న చోట, ‘కి’ విభక్తిలో ఉంది. ఒకాయన దగ్గర 10 రూపాయల వాటాలు 100 ఉన్నాయనుకుందాం. దరఖాస్తుతో 3, కేటాయింపప్పుడు 4 కట్టాడు. చివరి పిలుపు 3 రూపాయలు కట్టలేదు. జప్తు చేశారు. ‘వాటాల జప్తు ఖాతా’లో ఎంత వేయాలి? చాలామంది పిల్లలు కట్టని 300 వేస్తారు. చేతికి రానిదాన్ని జప్తు చేసేదెలా? వచ్చిన 700 వేయాలి.

ఇప్పుడు ఆ వాటాలను ‘ఎనిమిదికి’ అమ్మారంటే తగ్గింపు 2 రూపాయలు. ‘ఎనిమిది తగ్గించి’ అమ్మారంటే ధర 2 రూపాయలు. మొదటిది చెల్లుతుంది, రెండోది చెల్లదు. ఎందుకంటే పాత ఆయన ఇచ్చిన 7కి కొత్తవాడు ఇచ్చేది కలిపితే కంపెనీకి ఒక్కో వాటా మీద కనీసం 10 ముట్టాలి. అంటే కొత్తవాడు 3కి తగ్గకుండా ఇవ్వాలి, తగ్గింపు 7 దాటకూడదు. ప్రశ్నపత్రాల్లో ‘రూ. 8 తగ్గింపుతో’ అని అచ్చయి హాల్లో పిల్లలకు టెన్షన్ పెట్టిన సందర్భం నేనే చూశాను. ‘ఒక్కో వాటా 8 రూపాయల చొప్పున, పూర్తిగా చెల్లించినట్లుగా’ అని రాస్తే గొడవే ఉండదు.

100 వాటాలూ 8కి అమ్మితే 800 నగదు వస్తుంది. తగ్గిన 200 జప్తు ఖాతా నుంచి భర్తీ అవుతుంది, మిగిలిన 500 మూలధన రిజర్వుకు పోతుంది. దీన్ని ‘మూలధన నిల్వ’ అని రాయకండి, చేతిలో ఉన్న నగదు నిల్వ అనుకుంటారు. 40 వాటాలే అమ్ముడైతే ఆ నలభైకి చెందిన 280లో 80 తగ్గింపుకు పోయి, 200 మాత్రమే రిజర్వుకు చేరుతుంది. పుస్తకాల్లో ‘జప్తు ఖాతాలోని మిగులును మూలధన రిజర్వుకు మళ్లించాలి’ అని పొట్టిగా రాయడం వల్ల పిల్లలు 620 మళ్లిస్తారు. ‘తిరిగి అమ్మిన వాటాలకు సంబంధించిన మిగులును’ అని రాయండి. అమ్ముడుపోని 60 వాటాల తాలూకు 420, వాటిని కొనేవాడు వచ్చేదాకా జప్తు ఖాతాలోనే ఉంటుంది.